కౌంటరు లేని కౌంటరమ్మ

రాజ్యాలు మారినా, నదులు దారి మళ్ళినా తన పని తాను చేసుకుపోయే కాలం, ఆ సూపర్ మార్కెట్టులోని నాలుగో నంబరు కౌంటరు వెనుక, వెన్ను ఆనించుకోవడానికి వీలులేని ఒక ఎత్తు స్టూలు మీద ఇరవై రెండేళ్లపాటు ఒక స్త్రీని కూర్చోబెట్టి, రోజుకు మూడు వందల మంది చొప్పున ఆ పేట జనాన్నంతటినీ ఆమె చేతులమీదుగా సాగనంపి, వచ్చిననాడు నల్లగా ఉన్న జడను నెరిసేలా చేసి, నిబ్బరంగా ఉన్న మోకాళ్లను అరగదీసి, చివరికొక సోమవారం ఉదయాన ఆ కౌంటరునే పెకలించుకుని పోయింది. మనిషిని మాత్రం అక్కడే వదిలేసింది.

ఆమెను అందరూ కౌంటరమ్మ అంటారు. ఏరు ఎండినా రేవుకు పేరు మిగిలినట్టు, కౌంటరు పోయి తొమ్మిది నెలలైనా ఆ పిలుపు పోలేదు. పదకొండు మంది క్యాషియర్లలో ఎనిమిది మందిని ఇంటికి పంపి ముగ్గురిని ఉంచుకున్నారు. ఆ ముగ్గురిలో ఆమె ఒకతె. ఉంచుకున్నారన్న మాటే గాని కూర్చోనివ్వలేదు. స్టూళ్లన్నీ గోదాములో ఒకదాని మీదొకటి ఎక్కి కూర్చున్నాయి. కూర్చునే హక్కు వాటికి దక్కింది, ఆమెకు దక్కలేదు.

ఇప్పుడా దుకాణంలో డబ్బు పుచ్చుకునే చోటే లేదు. వచ్చినవాళ్లు గుమ్మం దగ్గర ఫోనులోని యాప్ తెరిచి, దానిలో కనిపించే గళ్లగళ్ల గుర్తును గేటుకు చూపించాలి. గేటు తెరుచుకుంటుంది. అక్కడినుంచి కప్పులో వరుసగా బిగించిన కెమెరాలు ఆ మనిషి ఆకారాన్ని పట్టుకుని నీడలా వెంబడిస్తాయి. ముఖంతో వాటికి పనిలేదు. ఫలానా గుర్తుతో లోపలికొచ్చిన ఆకారం ఎటు కదిలింది, ఏ అరవైపు చేయి చాచింది, అంతే. అరల అడుగున తూకపు పలకలున్నాయి. ఒక సబ్బు లేస్తే ఒక సబ్బు బరువు తగ్గిందని పలక చెబుతుంది, ఎవరి చేయి తీసిందో కెమెరా చెబుతుంది, రెండు సాక్ష్యాలూ కలిస్తే ఆ సబ్బు ఆ మనిషి చిట్టాలో పడుతుంది. వద్దనుకుని తిరిగి అక్కడే పెడితే చిట్టాలోంచి చెరిగిపోతుంది. సాక్ష్యాలు పొసగకపోతే ఎక్కడో దూరాన కూర్చున్న మనుషులు ఆ దృశ్యం చూసి తీర్పు చెబుతారు. సంచి నింపుకుని గేటు దాటిపోతే చాలు, కాసేపటికి ఫోనుకు బిల్లు వస్తుంది, డబ్బు దానంతటదే పోతుంది. చిత్రగుప్తుడు కలం పక్కనబెట్టి కప్పుకు వేలాడుతున్నాడని ఆమె అత్తగారి వ్యాఖ్యానం.

కౌంటరమ్మ పని గేటు దగ్గర నిలబడి తెలియనివాళ్లకు యాప్ నేర్పడం, ఖాళీ అయిన అరలు నింపడం, ఎవరో సబ్బుల మధ్య వదిలేసిన చాక్లెట్టును దాని చోటికి చేర్చడం. ఎందుకంటే చోటు తప్పిన వస్తువంటే ఆ పలకలకు మతి చెదురుతుంది. పనివాళ్లకు చేతుల్లేని పచ్చకోటు ఇచ్చారు. దాని భుజాల మీదా వీపు మీదా ఒక గుర్తు అచ్చువేసి ఉంటుంది. ఆ గుర్తున్న ఆకారం ఏది తీసినా ఏది పెట్టినా ఎవరి చిట్టాకూ ఎక్కదు. రోజంతా వస్తువుల మధ్యే మసలుతూ ఒక్కటీ అంటని ఆ బతుకు తామరాకు మీది నీటిబొట్టు వంటిది. యోగులు జన్మలెత్తి సాధించే స్థితిని కంపెనీవారు కోటుతోపాటు ఉచితంగా ఇచ్చారు.

"అమ్మా, ఆగండాగండి! పక్కావిడకి మీరు తీసివ్వకండి, మీ లెక్కలో పడుతుంది," అని ఆమె రోజుకు నూరుసార్లు చెబుతుంది. "ఏ చేయి తీస్తే ఆ చేతిదే బిల్లు. ఎవరిది వాళ్లే తీసుకోవాలి."

"అదేం చోద్యం! మా తోడికోడలికి నూనె సీసా అందిస్తే నా డబ్బు పోతుందా?"

"పోతుందమ్మా."

"అయితే ఇకనుంచి ఆవిడ వెనకాలే నడుస్తాను. అందించమంటాను," అందా కొనుగోలుదారు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు చెరగకముందే మేనేజరు గదిలోంచి పిలుపు వచ్చింది.

మేనేజరు ఆమెకన్నా పదిహేనేళ్లు చిన్నవాడు. చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చే పట్టికలు చదివి చదివి, ఎదుటి మనిషిని చూసినా అడ్డుగీతలు నిలువుగీతలు కనిపించే స్థితికి వచ్చినవాడు. గదిలో ఒకటే కుర్చీ ఉంది. అందులో ఆయన ఉన్నాడు.

"అక్కా, మూడో వరుసలో పై అర. పెద్దవాళ్లు తాగే బలం పొడి డబ్బాలున్నాయే, అవి."

"ఉన్నాయి సార్. పొద్దున్నే నింపాను."

"నింపుతున్నారు, సరే. తగ్గుతున్నాయి కూడా. కాని బిల్లుల్లో కనపడట్లేదు. రెండు నెలల్లో పంతొమ్మిది డబ్బాలు. పలక బరువు తగ్గిందంటోంది. తీసిందెవరంటే, పచ్చకోటు." ఆయన తెర ఆమెవైపు తిప్పాడు. "అన్నీ మీ డ్యూటీ వేళల్లోనే అక్కా."

ఆమెకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కాళ్లలోని నొప్పి ఒక్కసారి గుండెలోకి ఎక్కినట్టయింది.

"నేను తీశానంటారా సార్?"

"నేననట్లేదు. పట్టిక అంటోంది."

"కెమెరాలున్నాయిగా. చూడండి."

"ఆ బొమ్మలు మా దగ్గరుండవు. పెద్దాఫీసు నుంచి తెప్పించాలంటే మూడు వారాలు. వాళ్లు శుక్రవారమే వస్తున్నారు. అప్పటికి ఒక కారణం చూపించకపోతే కోటు తీసేసి వెళ్లమంటారు. ఇవాళ మంగళవారం." ఆయన కళ్లు దించుకున్నాడు. "ఆలోచించండక్కా. ఎక్కడైనా పొరపాటు జరిగిందేమో."

ఇరవై రెండేళ్లలో ఆమె సొరుగు ఒక్కనాడూ తక్కువ రాలేదు. ఎక్కువ వస్తే ఎవరికి చిల్లర మరిచానో గుర్తుచేసుకుని మర్నాడు పిలిచి ఇచ్చేది. ఆ పేట ఆమెకిచ్చిన ఆస్తి అదొక్కటే: కౌంటరమ్మ చేతిలో పెడితే దేవుడి ఎదుట పెట్టినట్టే అన్న మాట. జీతం పోతే ఎలాగో ఈదవచ్చు. ఆ మాట పోతే ఏ ముఖం పెట్టుకుని ఆ వీధిన నడవడం?

మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ దిగి ఇల్లు చేరింది. ముందుగది సగం భర్తగారి కార్ఖానా. ఆయన గడియారాలు బాగుచేస్తాడు. జనం ఫోనులో వేళ చూసుకోవడం మొదలుపెట్టాక ఆయన దగ్గరికి వచ్చేవి చనిపోయిన తండ్రుల చేతిగడియారాలు మాత్రమే. కాబట్టి ఇంటి పొయ్యి వెలిగేది ఆమె జీతంతోనే. కిటికీ పక్కన పేముకుర్చీలో అత్తగారు. ఎనభై ఒకటి దాటినా నాలుకకు ఇంకా యౌవనమే.

"ఏమే అమ్మాయ్, ముఖం అలా వేలాడేశావు? యంత్రం నిన్ను కూడా మింగేసిందా?"

ఆమె చెప్పింది. చెబుతూ గోడకు జారగిలబడి నేల మీదే కూలబడింది. అత్తగారు అంతా విని చేతికర్ర నేలకేసి కొట్టింది.

"మా అత్తగారు నయం. కుండలో గరిటెడు తగ్గితే ఎవరి మూతికి అంటిందో చూసి చెప్పేది. ఇన్ని కళ్లు పెట్టుకున్న మీ యంత్రానికి ఆపాటి తెలివి లేదూ! నీ మూతికి ఏమంటిందని? ఆ డబ్బా మన గుమ్మం తొక్కితే నాకు తెలియదా? నాకైతే ఒక్క చెంచా పెట్టిన పాపాన పోలేదు."

"అమ్మా, వేళాకోళానికి ఇదా సమయం?" అన్నాడు భర్త, కంటికి బిగించుకున్న భూతద్దం తీయకుండానే.

"ఏడిస్తే డబ్బాలు తిరిగొస్తాయట్రా?"

భర్త భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన చేతిలో ఒక గడియారం గుండె విప్పుకుని పడుకుని ఉంది.

"చూడు," అన్నాడు భార్యతో. "గడియారం తప్పు చూపిస్తే ముల్లును తిట్టం. వెనక్కి వెళ్తాం. ఒక్కో చక్రాన్నీ ఒక్కోసారి కదిపి, ఏది కదిపితే ఏది ఆగుతోందో చూస్తాం. నువ్వా అర దగ్గర ఏమేం చేస్తావో వరసగా చెప్పు."

"ఏముందండీ. నింపుతాను. దుమ్ము తుడుస్తాను. వంకర పెట్టినవి సర్దుతాను."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

నిజంగానే ఇంకేం గుర్తుకు రాలేదామెకు. ఊపిరి పీలుస్తున్నానని ఎవరు చెప్పుకుంటారు?

మర్నాడు పదకొండు గంటలప్పుడు మాస్టారు వచ్చారు. పిల్లలకు ముప్ఫయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పొట్టివాడు, వయసు మరో రెండంగుళాలు కోసుకుంది. కౌంటరున్న రోజుల్లో ఆమె వరుసలో తప్ప ఇంకో వరుసలో నిలబడేవారు కారు. ఇవాళ సంచి లేకుండా, ఫోను కత్తిలా ముందుకు చాచి పట్టుకుని వచ్చారు.

"అమ్మా, మీ దుకాణానికి నా మీద ప్రత్యేకమైన దయ ఏమైనా ఉందా?"

"ఏమైంది మాస్టారూ?"

"నా కళ్లు సరిగా ఆనవు గదా. నిన్న మా కోడలితో ఈ బిల్లులన్నీ చదివించాను. బ్రెడ్డుంది, పళ్ల పేస్టుంది. బలం పొడి లేదు. ఒకసారి కాదు, ఈ రెండు నెలల్లో మూడుసార్లు! తాగిందేమో నేను. మా కోడలు అంటుంది గదా, 'మావయ్యగారూ, ఈ వయసులో దొంగతనం మొదలుపెట్టారా?' అని. నవ్వుతూనే అందిలే. కాని నాకు రాత్రి నిద్ర పట్టలేదమ్మా. డబ్బు తెచ్చాను. ఎవరికివ్వాలి?"

ఆమె అప్రయత్నంగా వెనక్కి తిరిగి మూడో వరుస చూసింది. పై అర. మాస్టారి చేయి అందని అర. నెమ్మదిగా అమ్ముడయ్యే వస్తువులు పైకి పోవాలని రెండు నెలల కిందట పెద్దాఫీసువారు గీసిన పటం ప్రకారం, పెద్దవాళ్లు వాడే వస్తువునే వాళ్లకు అందని చోట పెట్టారు. అందుకని మాస్టారు వచ్చినప్పుడల్లా, ఆయన అడగకముందే...

"ఏ చేయి తీస్తే ఆ చేతిదే," అంది పైకే.

"ఏమిటమ్మా?"

"మాస్టారూ, ఆ డబ్బాలు మీకు తీసిచ్చిందెవరు?"

"నువ్వే గదమ్మా! ఇంకెవరిస్తారు? నాకే కాదు, మా వీధి చివరి నర్సమ్మగారికీ, ఆ చేతికర్రాయనకీ నువ్వేగా అందించేది."

రోజుకు నూరుసార్లు ఊరందరికీ చెప్పిన సూత్రం తనకు వర్తిస్తుందని తోచకపోవడం ఎంత వింత! ఇరవై రెండేళ్లుగా ఆమె చేతులు నేర్చిన విద్య ఒక్కటే: వస్తువును ఒక చేత్తో అందుకుని మరో చేతికి అందించడం. కౌంటరు పోయినా చేతులు ఆ పని మానలేదు. తీసింది పచ్చకోటు, అది ఎవరి లెక్కకూ రాదు. మాస్టారు అరలోంచి ఏమీ తీయలేదు, కాబట్టి ఆయన లెక్కకూ రాదు. దూరాన తీర్పు చెప్పే మనుషులదాకా సంగతి పోనేలేదు. సందేహం కలిగితే గదా యంత్రం మనిషిని అడిగేది! ఇక్కడ దానికి సందేహమే కలగలేదు. పనివాడు తీశాడు, పనివాడి పని అది, అంతే అనుకుంది. కర్మ చేసినవారికి అంటక, ఫలం తిన్నవారికి చెందక, పంతొమ్మిది డబ్బాలు త్రిశంకువులా నడుమన వేలాడాయి.

మేనేజరు గదికి ఆమె ఈసారి పిలవకుండానే వెళ్లింది. వెనక మాస్టారు.

"సార్, చెబితే నమ్మరు. చేసి చూపిస్తాను. మీ ఫోనుతో మీరు లోపలికి రండి."

"నేనా?"

"మీరే. కొనుక్కునేవాళ్లలా."

మేనేజరు గేటుకు గుర్తు చూపించి లోపలికి వచ్చాడు. ఒక సబ్బు తనే తీసుకున్నాడు. మూడో వరుసలో ఆమె పై అరనుంచి డబ్బా తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండింటితోనూ గేటు దాటి బయటికి నడిచాడు. ముగ్గురూ పేవ్‌మెంటు మీద ఎండలో ఫోను చుట్టూ తలలు చేర్చి నిలబడ్డారు. ఒక నిమిషం, మూడు, అయిదు.

"పురిటిగది ముందు నిలబడ్డట్టుందయ్యా," అన్నారు మాస్టారు.

ఫోను మోగింది. సబ్బు ఒకటి. మరేమీ లేదు.

మేనేజరు ఒక చేతిలో డబ్బానూ రెండో చేతిలో బిల్లునూ మార్చి మార్చి చూశాడు.

"ఇంకోసారి సార్," అందామె. భర్త చెప్పినట్టు, చక్రాన్ని ఒక్కొక్కసారే కదపాలి. ఆ డబ్బాను అరలో తిరిగి పెట్టింది. ఈసారి తాను పక్కకు తప్పుకుంది. మేనేజరు మళ్లీ గేటుకు గుర్తు చూపించి లోపలికొచ్చి, పొడగరి గనుక మునివేళ్ల మీద లేచి డబ్బాను స్వయంగా తీసుకుని బయటికి నడిచాడు. మళ్లీ ఎండ, మళ్లీ ఎదురుచూపు. బిల్లు వచ్చింది: బలం పొడి, ఒకటి.

"హమ్మయ్య! మగపిల్లాడు," అన్నారు మాస్టారు.

మేనేజరు మాత్రం నవ్వలేదు. "శిక్షణలో మీకు ఇది చెప్పలేదా అక్కా?"

"కొనేవాళ్లు ఒకరికొకరు అందించుకోకూడదని చెప్పారు సార్. మేము తీసింది ఎవరికీ పడదనీ చెప్పారు. ఆ రెండు మాటల్నీ ఎవరూ ఒకచోట పెట్టలేదు. నేనూ పెట్టలేదు. తప్పు నాదీ ఉంది."

"మరి నా డబ్బు?" మాస్టారు చొక్కా జేబులోంచి నోట్లు తీశారు.

మేనేజరు చుట్టూ చూశాడు. సొరుగు లేదు, గల్లా లేదు. అంత పెద్ద దుకాణంలో ఒక పెద్దమనిషి న్యాయంగా ఇవ్వదలచిన డబ్బు పెట్టడానికి జానెడు చోటు లేదు. అప్పుడు కౌంటరమ్మకు ఒక ఉపాయం తోచింది. దానికి ముందు ఒక పని కావాలి. ఆ పని ఆమె శుక్రవారం వచ్చినవారినే అడిగింది.

పెద్దాఫీసునుంచి ఇద్దరు వచ్చారు. మేనేజరు అదే పరీక్ష వాళ్లచేతా చేయించాడు. వాళ్లలో పెద్దావిడ, "ఇకమీద ఎవరికీ చేత్తో ఏదీ అందించవద్దు," అని నిష్కర్షగా చెప్పింది.

"అందించనమ్మా," అంది కౌంటరమ్మ. "మీరు అర కిందికి దించండి. వాళ్లకు నడుమెత్తులో పెట్టండి. నేను అందించే అవసరమే ఉండదు."

"దించాలంటే పటం మార్చాలి. ఏ పలక మీద ఏ వస్తువుందో యంత్రానికి మళ్లీ చెప్పాలి."

"చెప్పండి. మాకు తొమ్మిది నెలలుగా దానితో చెప్పిస్తున్నారు గదా."

ఆవిడ ఒక క్షణం ఆమెను చూసి, తలవంచుకుని ఏదో రాసుకుంది. "ఇంకేమైనా కావాలా?"

స్టూలు అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఒకేరోజు రెండు వరాలు అడిగితే మొదటిదీ పోతుందేమోనని మింగేసింది.

తర్వాతి బుధవారానికి డబ్బాలు నడుమెత్తు అరకు దిగాయి. మాస్టారు వచ్చి తన చేత్తో తానే మూడు డబ్బాలు తీసి, గేటు దాటి, బిల్లు వచ్చేదాకా బయట నిలబడి, కోడలికి ఫోనులో పంపి చదివించుకుని, తిరిగి వచ్చి ఆ మూడింటినీ కౌంటరమ్మ చేతికిచ్చారు. ఆమె వాటిని అరలో సర్దింది. పచ్చకోటు పెట్టింది ఎవరికీ చెందదు. డబ్బు చేరవలసిన చోటికి చేరింది, డబ్బాలు ఉండవలసిన చోట ఉన్నాయి. లెక్క చెడిన దారినే దాన్ని చక్కదిద్దడం అంటే అదే. నర్సమ్మగారు నాలుగు, చేతికర్రాయన అయిదు అలాగే తీర్చారు. మిగిలినవారిలో ఒకరు ఊరు మారిపోయారు, ఒకావిడ వినీ విననట్టు ఊరుకుంది. ఆవిడ సంగతి కౌంటరమ్మ ఎవరితోనూ అనలేదు. పట్టికలో ఆ డబ్బాల ఎదుట ఉన్న పచ్చకోటు గుర్తు చెరిపి "పొరపాటు" అని రాయించాడు మేనేజరు. ఆ ఒక్క మాట కోసమే ఆమె ఆ వారమంతా అన్నం సయించక తిరిగింది.

ఇప్పుడెవరైనా ముసలివాళ్లు అర ముందు తడబడితే ఆమె చేయి అలవాటుకొద్దీ లేస్తుంది. లేచి, గాలిలో ఆగి, "అదిగో, అక్కడే అమ్మా, మీ చేతి పక్కనే," అని చూపి దిగుతుంది. ఇరవై రెండేళ్ల విద్యను చేతులకు మరిపించడం, నేర్పడంకన్నా కష్టం. డ్యూటీ దిగే వేళకు కాళ్లకన్నా ముందు ఆ చేయే అలసిపోతోందని భర్తతో అంది.

ఒక మధ్యాహ్నం ఆమె ఇంటికి రాగానే అత్తగారు చేతికర్ర ఊతంతో, మూలుగుతూ, పేముకుర్చీలోంచి లేచింది.

"ఇటు రా. ఇందులో కూర్చో."

"మీరెక్కడ కూర్చుంటారత్తయ్యా?"

"పొద్దున్నుంచీ కూర్చునే ఉన్నానే! కంపెనీ వాళ్లకు బుద్ధి లేకపోతే నాకూ లేదనుకున్నావా? కూర్చో అంటుంటే!"

కౌంటరమ్మ కూర్చుంది. పేము కిర్రుమంది. కార్ఖానాలో ఎన్నాళ్లుగానో ఆగిపోయి ఉన్న ఎవరి తండ్రిదో గడియారం ఒకటి, మెల్లగా, కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆమె అప్పటికే కునుకులోకి జారుకుంది.

ఎవరి చిట్టాలోనూ పడని మంచిపనులను కూడా ఒక్కటీ విడువక రాసుకునే ఆ పైవాడు, ఆ తల్లి కాళ్లకు విశ్రాంతినీ, ఆ చేతులకు అందించే భాగ్యాన్నీ తిరిగి ప్రసాదించుగాక; ఆ ఇంటి గడియారాలు చక్కగా నడుచుగాక, ఆ పొయ్యి ఆరకుండుగాక, ఆ వృద్ధురాలి నాలుక నూరేళ్లు పదునుగా ఉండుగాక; ఆ గడప తొక్కినవారందరికీ కూర్చోవడానికి ఒక ఆసనం ఎల్లవేళలా మిగిలి ఉండుగాక.